ట్రేస్ చేస్తే లెక్క టేబుల్‌తో కలవడం లేదా?

డేటా స్ట్రక్చర్స్ పరీక్షకు సార్టింగ్ టేబుల్ మొత్తం నోటికి వచ్చినా, 5 అంకెలు తీసుకుని ట్రేస్ చేస్తే లెక్క తేడా వస్తుంటుంది. చాలాసార్లు టేబుల్ తప్పు కాదు, దాని పక్కన ఉండాల్సిన షరతును మనం రాసుకోలేదు.

సమస్య: ఇన్‌పుట్ ముందే వరుసలో ఉంది, అయినా క్విక్ సార్ట్‌లో పోలికలు ఎక్కువయ్యాయి

కారణం పివట్‌లో ఉంది. చివరి అంకెను పివట్‌గా తీసుకుని `1 2 3 4 5` చేసి చూడండి. పివట్ 5తో 4 పోలికలు జరుగుతాయి. నాలుగూ ఎడమవైపే పడతాయి, కుడివైపు ఖాళీ. తర్వాత పివట్ 4తో 3, ఆపై 2, చివరికి 1. మొత్తం 10. ఒక్కో విడతలో ఒక్క అంకె మాత్రమే తగ్గుతోంది కాబట్టి ఇది O(n²), అంటే వరస్ట్ కేస్.

ఇప్పుడు `1 5 2 4 3` తీసుకోండి. పివట్ 3తో 4 పోలికలయ్యాక అర్రే ఇలా మారుతుంది:

```
1 2 | 3 | 4 5
```

రెండు వైపులా చెరో పోలిక చాలు, మొత్తం 6. ఇలా ప్రతిసారీ దాదాపు సగానికి విడిపోతే O(n log n).

పరిష్కారం: జవాబులో ముందుగా "పివట్ = చివరి అంకె" అని రాయండి. పివట్‌ను ర్యాండమ్‌గా ఎంచుకుంటే వరస్ట్ కేస్ తగిలే అవకాశం బాగా తగ్గుతుంది, కానీ O(n²) పోదు. ఇక్కడ చాలామంది పోయిందని రాసి మార్కులు పోగొట్టుకుంటారు.

సమస్య: యావరేజ్ కేస్ అంటే బెస్ట్‌కీ వరస్ట్‌కీ మధ్య సంఖ్య అనుకున్నారు

కాదు, అన్ని వరుసల మీద తీసిన సగటు అది. 3 వేర్వేరు అంకెలకు 6 వరుసలుంటాయి. అందులో 2 వరుసల్లో మధ్య విలువ పివట్ అవుతుంది, అప్పుడు 2 పోలికలు. మిగతా 4 వరుసల్లో 3 పోలికలు. మొత్తం 16ను 6తో భాగిస్తే సుమారు 2.67, కానీ 2కీ 3కీ మధ్య సంఖ్య 2.5. పెద్ద n దగ్గర క్విక్ సార్ట్ యావరేజ్ O(n log n) అవుతుంది.

సమస్య: బబుల్ సార్ట్ బెస్ట్ కేస్ ఒక చోట O(n), ఇంకో చోట O(n²)

మీరు రాసిన కోడ్‌లో, ఒక్కో పాస్ చివర ఈ లైన్ ఉందేమో చూడండి:

```c
if (!swapped) break;
```

ఉంటే `1 2 3 4 5`కి మొదటి పాస్‌లో 4 పోలికలు చేసి ఆగిపోతుంది. లేకపోతే 4+3+2+1 = 10 తప్పవు. కోడ్‌లో ఫ్లాగ్ పెట్టకుండా టేబుల్‌లో O(n) అని రాయకండి.