అంకెలతో ఉత్తరం – 4వ పాఠం: ఆరుగురు ఇచ్చిన 4.8

పోయిన పాఠంలో ఒక్క పెద్ద అంకె సగటును ఎలా లాగేస్తుందో చూశాం. ఈసారి ఆ సగటు గురించి మేనేజర్‌కి ఉత్తరం రాద్దాం. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేను రాయాల్సి వచ్చిన ఉత్తరమే ఇది. అంకెలు మాత్రం పాఠం కోసం కొంచెం సులువు చేశాను.

బైక్ సర్వీసు సెంటర్లు నడిపే సంస్థ అది. ఒక సాయంత్రం మేనేజర్ మేడమ్ వాట్సాప్‌లో ఒక ఫొటో ఫార్వర్డ్ చేశారు. ఒక బ్రాంచి కౌంటర్ మీద ఉండే ఫీడ్‌బ్యాక్ ట్యాబ్లెట్‌ని ఇన్‌చార్జి ఫోన్‌తో తీసిన ఫొటో. పెద్ద అక్షరాల్లో 4.8, పక్కన నక్షత్రాలు. ట్యూబ్‌లైట్ వెలుగు పడి కింది వరుస తెల్లగా అయిపోయింది. జూమ్ చేస్తే, ఆరుగురు రేటింగ్ ఇచ్చారని కనిపించింది. ఫొటో కింద మేడమ్ మెసేజ్: "ఇది నెల రిపోర్టు మొదటి పేజీలో పెట్టు. రెండో బ్రాంచి వాళ్లని వీళ్ల దగ్గరికి ట్రైనింగ్‌కి పంపుదాం." ఆ రెండో బ్రాంచి సగటు 4.3, అది 212 మంది ఇచ్చింది.

ఉత్తరం మొదలుపెట్టే ముందు ఫొటోని లెక్కలోకి మార్చాలి. ఆరుగురి మార్కులు మొత్తం 28 అయితే సగటు 4.67, స్క్రీన్ మీద 4.7 అని పడుతుంది. 29 అయితే 4.83, అంటే 4.8. 30 అయితే 5.0. కాబట్టి మొత్తం 29 మాత్రమే కావాలి. అందరూ ఐదేసి ఇస్తే 30 కదా, ఒక్కటి తగ్గిందంటే ఐదుగురు ఐదు ఇచ్చారు, ఒకరు నాలుగు ఇచ్చారు. ఫొటోలో కనిపించని మార్కులు ఇలా బయటికి వచ్చేస్తాయి. మంది తక్కువైనప్పుడే ఇది కుదురుతుంది.

తర్వాత ఏడో కస్టమర్‌ని ఊహించండి. బండి రెండు రోజులు ఆలస్యమైందని కోపంతో 1 నొక్కాడు. 30ని 7తో భాగిస్తే 4.29, స్క్రీన్ మీద 4.3. అదే మనిషి రెండో బ్రాంచికి వెళ్లి 1 నొక్కితే? అక్కడ 212 మంది మార్కులు సుమారు 912. 913ని 213తో భాగిస్తే 4.29, స్క్రీన్ మీద అప్పటికీ 4.3 మాత్రమే. ఒకే మనిషి, ఒకే కోపం. ఒక చోట అర నక్షత్రం పడిపోయింది, ఇంకో చోట అంకె కదల్లేదు. నా ఉద్దేశంలో ఉత్తరానికి ప్రాణం ఈ పోలికే. దీనికి ఏ సూత్రమూ అక్కర్లేదు, మేడమ్ ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు.

మూడో లెక్క ఒకటుంది. ఐదుగురిలో ఒకరు అసంతృప్తితో వెళ్తున్న బ్రాంచి అనుకోండి. అంటే చాలా చెడ్డ పరిస్థితి. అక్కడ ఎవరో ఆరుగురిని చీటీ తీసినట్టు ఎంచుకుని అడిగితే, ఆ ఆరుగురిలో అసంతృప్తి ఉన్నవాళ్లు ఒక్కరూ తగలకపోయే అవకాశం ఎంత? ఒక్కొక్కరు తృప్తిగా ఉన్నవాళ్లయ్యే అవకాశం 0.8. ఆరుగురికి కలిపి ఎక్సెల్‌లో ఇలా కొట్టండి:

```
=0.8^6
```

0.262 వస్తుంది. అంటే అంత చెడ్డ బ్రాంచిలో కూడా నాలుగుసార్లకు ఒకసారి ఇలాంటి శుభ్రమైన ఫొటో దొరుకుతుంది.

ఇప్పుడు ఉత్తరం.

*విషయం: మొదటి బ్రాంచి 4.8 రేటింగ్*

*మేడమ్, నమస్తే.*

*మీరు పంపిన ఫొటో చూశాను. ఈ నెల రిపోర్టులో ఈ 4.8ని రెండో బ్రాంచి 4.3 పక్కన పెట్టవద్దని నా మనవి. కారణం చెబుతాను.*

*ఈ 4.8 ఆరుగురు ఇచ్చింది: ఐదుగురు 5, ఒకరు 4. రేపు ఇంకొక్కరు 1 ఇస్తే ఇది 4.3కి వస్తుంది. అదే 1 రెండో బ్రాంచికి వస్తే అక్కడి 4.3 అలాగే ఉంటుంది. ఐదుగురిలో ఒకరు అసంతృప్తిగా ఉన్న చోట కూడా, ఆరుగురినే అడిగితే ఒక్క ఫిర్యాదూ రాకపోయే అవకాశం 26 శాతం ఉంటుంది.*

*ఈ నెల ఆ బ్రాంచిలో 340 జాబ్ కార్డులు మూసారు. వాళ్లలో కనీసం 334 మంది ఏమనుకున్నారో మన దగ్గర లేదు. పైగా అక్కడ రేటింగ్ కౌంటర్ దగ్గరే తీసుకుంటున్నారు, రెండో బ్రాంచిలో మర్నాడు ఎస్సెమ్మెస్ లింక్ పంపుతున్నారు.*

*ఆ బ్రాంచి పని బాగాలేదని నేను అనడం లేదు. బాగుందో లేదో ఈ అంకెతో చెప్పలేమని మాత్రమే అంటున్నాను. ట్యాబ్లెట్ నుంచి తేదీలతో సహా ఫైల్ పంపమని ఇన్‌చార్జి గారిని అడగడానికి అనుమతి ఇవ్వండి. వచ్చే నెల అక్కడా ఎస్సెమ్మెస్ లింక్ పంపితే రెండింటినీ పోల్చవచ్చు. ఈ నెలకి రిపోర్టులో "రేటింగ్ ఇచ్చినవారు 6, పోల్చడానికి చాలదు" అని రాస్తాను.*

ఉత్తరం ఇంతే. ఇందులో కొన్ని చోట్ల ఆగి చూడాలి.

"శాంపిల్ సైజ్ చాలదు" అనే మాటతో మొదలుపెట్టలేదు. నా మొదటి చిత్తుప్రతిలో అదే ఉంది. ఆ మాట చదివిన మేనేజర్ "సరే, ఎంత కావాలి?" అని అడుగుతారు, చర్చ పక్కదారి పడుతుంది. ఏడో కస్టమర్ లెక్క చదివితే ఆ ప్రశ్న రాదు.

సగటుకి అటూ ఇటూ హద్దులు వేసే పాఠ్యపుస్తకం సూత్రం కూడా వాడలేదు. ఈ ఆరు మార్కులకి 95 శాతం హద్దులు కడితే 4.4 నుంచి 5.26 వరకు వస్తుంది. ఐదు నక్షత్రాల స్కేలు మీద 5.26 అనేది లేనే లేదు. మార్కులన్నీ పై అంచున గుంపుగా ఉన్నప్పుడు, మంది కొద్దిగా ఉన్నప్పుడు ఆ సూత్రం ఇలా తప్పుతుంది. జవాబు స్కేలు దాటి బయటికి పోయిందంటే సూత్రం ఆ చోటికి పనికిరాదని గుర్తు.

26 శాతం లెక్కకీ ఒక షరతుంది. ఆరుగురిని చీటీ తీసినట్టు ఎంచాలి. కౌంటర్ దగ్గర అలా జరగదు. కస్టమర్ చేతికి ఇంకా తాళం రాలేదు, బండి చేసిన మెకానిక్ పక్కనే నిలబడి ఉన్నాడు, ఇన్‌చార్జి ట్యాబ్లెట్ చాచి "ఒక్క రేటింగ్ సార్" అంటున్నాడు. అక్కడ 2 నొక్కే మనిషి అరుదు. గొడవపడి వెళ్తున్నవాడి ముందుకి ఆ ట్యాబ్లెట్ అసలు రాదు. అలా తీసుకున్న రేటింగులు ఆరు కాక ఆరువందలైనా ఈ లోపం పోదు. అందుకే ఉత్తరంలో ఇంకా మందిని అడగమని ఊరుకోకుండా, అడిగే పద్ధతి మార్చమన్నాను.

ఇక ఫొటో సంగతి. అందులో ఆ అంకె ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో లేదు. ఈ వారమా, ట్యాబ్లెట్ పెట్టిన రోజు నుంచా తెలియదు. ఇన్‌చార్జి ఏ రోజు ఫొటో తీయాలో తనే ఎంచుకున్నాడు, 4.3 పడిన రోజు ఎవరూ ఫోన్ బయటికి తీయరు. ఆయనది దురుద్దేశమని నేను అనుకోను, మంచి మార్కు వస్తే ఎవరైనా చూపిస్తారు. కానీ రిపోర్టులోకి వెళ్లే అంకెను మనం మళ్లీ లెక్కపెట్టి చూసుకోగలగాలి. అందుకే ఫైల్ అడిగాం.

అభ్యాసం: మీకు ఇంకో ఫొటో వచ్చింది. 4.9 కనిపిస్తోంది, ఎంతమంది ఇచ్చారో ఉన్న చోట వేలు అడ్డం పడింది. అంకెను ఒక దశాంశానికి సవరించి చూపిస్తున్నారు. కనీసం ఎంతమంది రేటింగ్ ఇచ్చి ఉండాలి? ఆ కనీస సంఖ్యే నిజమైతే, తర్వాత వచ్చినవాడు 1 ఇస్తే స్క్రీన్ మీద ఏం పడుతుంది? ఈ రెండు జవాబులతో మేనేజర్‌కి నాలుగు వాక్యాలు రాయండి. సరిచూసుకోవడానికి: మొదటిది 7, రెండోది 4.4.