దసరా సెలవుల్లో పిల్లల్ని పల్లెకి తీసుకెళ్లడం ఎలా: ఒక ఆవు, రెండు సాళ్ల శనక్కాయలు

పాలు ప్యాకెట్లోంచి, శనక్కాయలు కొట్లోంచి వస్తాయనుకునే పిల్లలకి పల్లె మొత్తం చూపించాలని చాలామంది ఆరాటపడతారు. మామిడి తోట, చెరకు, కోళ్లు, మేకలు, చెరువు అంటూ ఒక్కరోజులో తిప్పితే పిల్లలకి గుర్తుండేది కారు ప్రయాణమే. రెండు రాత్రులు ఒకే ఇంట్లో ఉండి, ఒక ఆవునీ ఒక పంటనీ దగ్గరగా చూపించండి. చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల దసరాకి ఆ పంట శనక్కాయే.

ముందు చేను సంగతి కనుక్కోండి

వేసవి సెలవుల్లో మామిడి తోటలు తప్ప చాలా చేలు ఖాళీగా ఉంటాయి, ఎండకి పిల్లలు పగలంతా ఇంట్లోనే కూర్చుంటారు. సంక్రాంతికైతే చెరకు, బెల్లం వండే గానుగలు ఉంటాయి. దసరాకి వెళ్లాలంటే మాత్రం రైతుని అడగాల్సిన మొదటి ప్రశ్న గదుల గురించి కాదు, శనక్కాయ ఎప్పుడు విత్తారని.

కదిరి-6 లాంటి రకాలు సుమారు 100 నుంచి 110 రోజులకి కోతకొస్తాయి. జూన్ చివర్లో విత్తిన చేను అక్టోబర్ మొదటి రెండు వారాల్లో పెరకడానికి సిద్ధమవుతుంది. జూలై మధ్యలో విత్తిందైతే దసరాకి కాయ ముదరదు. అలాంటప్పుడు అక్టోబర్ చివరిదాకా ఆగి శనివారం, ఆదివారం చూసుకోవడం మేలు. చేనుకి చివరిసారి మందు ఎప్పుడు కొట్టారో కూడా అడగండి. ఆ వారంలోనే కొట్టి ఉంటే పిల్లల్ని ఆ చేలోకి దించకండి.

ఇల్లు ఎంచుకునేటప్పుడు నాలుగు చూసుకోండి: పొలంలో గట్టు లేని బావి ఉందా, ఉంటే దానికి కంచె ఉందా, మోటారు స్టార్టర్ పెట్టె పిల్లలకి అందే ఎత్తులో ఉందా, పడుకోవడానికి మంచాలు, దోమతెరలు ఉన్నాయా, కుక్కకి టీకా వేయించారా. మంచం సౌకర్యం కోసమని చెప్పడం లేదు. కట్లపాము రాత్రిళ్లు తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. పలమనేరు, కుప్పం వైపు అడవి అంచు ఊళ్లకి వెళ్తే ఏనుగులు దిగుతున్నాయేమో ఊళ్లోవాళ్లని అడిగి, చీకటి పడ్డాక పొలం వైపు వెళ్లకండి.

మొదటి సాయంత్రం: చూడటమే, ముట్టుకోవద్దు

శుక్రవారం నాలుగు గంటలకల్లా చేరండి, సాయంత్రం పాలు పితికేలోపు. ఏడేళ్ల పాపా పదేళ్ల బాబూ ఉన్నారనుకోండి. ఇద్దర్నీ కొట్టం బయట, ఆవుకి కనిపించేలా పక్కగా నిలబెట్టండి. వెనక నిలబడితే ఆవు కాలు విసురుతుంది. పక్కకి కూడా తన్నగలదు గనక కాలికి అందనంత దూరం ఉండాలి.

ఇక్కడ పిల్లలకి చెప్పాల్సిన మాట ‘చేపు’. దూడని కాసేపు వదిలినా, పొదుగు కడిగి నిమిరినా ఆవు పాలు చేపుతుంది, అంటే పాలు చన్నుల్లోకి దిగుతాయి. ఆ తర్వాత అయిదారు నిమిషాల్లో పితికేయాలి. కొత్త మనుషులు అరిచినా, ఫోన్ ఫ్లాష్ మెరిసినా బెదిరి పాలు ఎగబట్టేస్తుంది. పొదుగు నిండుగా కనిపిస్తూనే ధార సన్నబడితే జరిగింది అదే. అది రైతుకి నష్టం. అప్పుడు పిల్లల్ని వెంటనే బయటికి తీసుకొచ్చేయండి, బతిమాలి ఇంకోసారి చూపించమనకండి.

పితకడం అయ్యాక పొడవాటి పచ్చగడ్డి పరకలు పిల్లల చేతికివ్వండి. ముందువైపు నుంచి, చెయ్యి దూరంగా చాచి పెట్టాలి. ఆవు నాలుకతో గడ్డిని చుట్టి లాక్కుంటుంది. దానికి పైదవడ ముందుభాగంలో పళ్లుండవని బాబు తనంతట తాను కనిపెడితే బాగుంటుంది, ముందే చెప్పేయకండి. దూడ ఒంటి మీద గుండ్రంగా వెంట్రుకలు ఊడిన మచ్చలుంటే తామర కావచ్చు, ముట్టుకోనివ్వకండి. బయటికొచ్చాక సబ్బుతో చేతులు కడిగించండి. పచ్చిపాలు తాగించకండి, పొంగి మరిగాకే ఇవ్వాలి.

శనివారం తెల్లవారి: పాల కేంద్రం

అయిదున్నరకి లేపండి. రైతుతో పాటు పాల కేంద్రానికి నడిచి వెళ్తే పిల్లలు ఎక్కువ నేర్చుకునేది అక్కడే. పాలు కొలిచి, వెన్న శాతం చూసి, రశీదు ఇస్తారు. రశీదులోని మొత్తాన్ని లీటర్లతో భాగించమని బాబుకి చెప్పండి. మీ ఊళ్లో లీటరు ప్యాకెట్ ధరతో పోల్చుకుంటే వాడికే ప్రశ్నలు పుడతాయి.

ఏడు గంటలకి చేలోకి

నిండు ప్యాంటు, చీలమండ దాటే బూట్లు వేయాలి. బూట్లు తొడిగేముందు దులపాలి, తేళ్లు దూరతాయి. రెండు సాళ్లు, పది పది అడుగుల చొప్పున రైతుని అడిగి తీసుకోండి. అంతకు మించితే పిల్లలు విసిగిపోతారు, కూలీల పనికీ అడ్డం.

మొదట ఒక్క చెట్టు రైతు చేతే పెరికించండి. నాలుగైదు కాయలు ఒలిచి పై పెంకు లోపలివైపు చూడండి. గోధుమ, నలుపు రంగు తిరిగితే ముదిరినట్టు, తెల్లగా ఉంటే ఇంకా లేత. ఆ చెట్టు మీదే ఊడలు చూపించండి. పసుపు పువ్వు పైన పూసి, ఆ తర్వాత సన్నటి ఊడ కిందికి దిగి మట్టిలో దూరి కాయ కడుతుంది. శనక్కాయ వేరుకి కాస్తుందనే పెద్దవాళ్లు కూడా చాలామందే. వేరుకి ఉండేవి చిన్న బుడిపెలు. వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని చెట్టుకి అందిస్తాయి.

ఇక పెరకడం. కొమ్మల్ని కాదు, మొదలుని నేలకి దగ్గరగా రెండు చేతులా పట్టుకుని నిదానంగా పైకి లాగాలి. నేలలో పదును ఉంటేనే కాయలు చెట్టుతో వస్తాయి. ఎర్రనేల ఎండి గట్టిపడితే ఊడలు తెగి కాయలు మట్టిలోనే ఉండిపోతాయి. మొదటి మూడు చెట్లకే కాయలు సగం రాకపోతే లాగడం ఆపేయండి. ఆ చోట పెద్దవాళ్లు పారతో మట్టి తిరగేస్తే పిల్లలు పరిగె ఏరుకుంటారు. నిజానికి పెరకడం కంటే ఇదే వాళ్లకి ఎక్కువ నచ్చుతుంది. పొదల్లోకి, గడ్డి కుప్పల కిందికి మాత్రం చేతులు పెట్టనివ్వకండి, రక్తపింజరి ఉండే చోట్లవి. ఎవరికైనా పాము కరిస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం చేయకూడదు. కరిచిన కాలు గానీ చెయ్యి గానీ కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేయాలి. విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉండే దగ్గరి ఆసుపత్రి ఏదో బయల్దేరేముందే కనుక్కుని పెట్టుకోండి.

తొమ్మిదికల్లా నీడకి వచ్చేయండి. చెట్ల నుంచి కాయలు తెంపి, మట్టి పోయేలా మూడు నీళ్లు కడిగి, కిలోకి రెండు చెంచాల ఉప్పేసి కుక్కర్లో మూడు నాలుగు విజిల్స్ రానివ్వండి. ఆవిరి పోయాక ఉప్పునీళ్లలోనే పావుగంట నాననిస్తే ఉప్పు పడుతుంది. బూజు పట్టినవి, చేదుగా ఉన్నవి పారేయాలి. పచ్చివి గుప్పెడు మించితే కడుపునొప్పి రావచ్చు. శనక్కాయ పడని పిల్లలుంటే ఈ పంట వదిలేయండి. నాలుగేళ్లలోపు వాళ్లకి గింజలు గొంతుకి అడ్డం పడతాయి, ఇవ్వకండి.

మధ్యాహ్నం రాగిసంగటి, శనక్కాయల ఊరిబిండి పెడతారు. సంగటి నమిలితే పళ్లకి అంటుకుంటుంది, చిన్న ముద్ద చేసి మింగాలి. అలవాటు లేని పాపకి పప్పు, నెయ్యితో గోళీకాయంత ముద్దతో మొదలుపెట్టండి. వద్దంటే అన్నం పెట్టేయండి.

చివరి రోజు కొత్తవి వద్దు

ఆదివారం మళ్లీ అదే ఆవు దగ్గరికే తీసుకెళ్లండి. మొదటి రోజు అమ్మ కొంగు వదలని పాప ఈసారి తనే గడ్డి పట్టుకెళ్తుంది. ఆవు నిమ్మళంగా ఉండి, రైతు సరేనంటే, పితకడం చివర్లో రెండు ధారలు పిల్లల చేత తీయించవచ్చు. బొటనవేలు, చూపుడువేలితో చన్ను పైభాగం మూసి, మిగతా వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి ముడవాలి. కిందికి లాగితే ఆవుకి నొప్పి.

బయల్దేరేటప్పుడు గది అద్దెతో పాటు పిల్లలు పెరికిన కాయలకీ లెక్కకట్టి ఇవ్వండి, తూకం వాళ్ల ముందే వేయించండి.