ఆర్కిటెక్టు వెబ్‌సైట్‌లో పరిచయం రాయడం – 4వ పాఠం: ప్లానులోంచి సిద్ధాంతం

పోయిన పాఠంలో మీ డిజైన్ సిద్ధాంతాన్ని ఒక్క వాక్యంలో రాయమన్నాను. వచ్చినవాటిలో ఎక్కువ వాక్యాలు ఒకే అచ్చులో ఉన్నాయి: "ప్రకృతితో మమేకమై, సంప్రదాయాన్నీ ఆధునికతనూ మేళవించే నిర్మాణాలు." దాని కింద "రెసిడెన్షియల్, కమర్షియల్, ఇంటీరియర్స్" అని జాబితా. పై వాక్యానికీ కింది జాబితాకీ మధ్య ఏ సంబంధమూ లేదు. పై వాక్యం తీసి పక్కవాళ్ల సైట్‌లో పెట్టినా అతుకుతుంది. పాఠం వరస తప్పడం వల్లే ఇలా అయింది. ముందు సిద్ధాంతం రాసి, తర్వాత దానికి ప్రాజెక్టులు వెతకకూడదు. కట్టినవాటి ప్లాన్లు ముందు పెట్టుకుని, వాటిలో మళ్లీ మళ్లీ కనిపించే నిర్ణయాన్ని పట్టుకోవాలి. ఈసారి ఆ దారిన వెళ్దాం.

గుంటూరులో తొమ్మిదేళ్లుగా పని చేస్తున్న ఒక ఆర్కిటెక్టు దగ్గర 27 ప్రాజెక్టులు ఉన్నాయనుకుందాం: 16 ఇళ్లు, 5 నర్సింగ్ హోములు, 4 అపార్ట్‌మెంట్లు, ఇంతకు ముందు వేరే ఆఫీసులో ఉన్నప్పుడు చేసిన 2 మిర్చి కోల్డ్ స్టోరేజీలు. ఒక పట్టిక వేసి, ప్రతి ప్రాజెక్టుకూ అందులో ఒక వరస రాయాలి. స్థలం కొలత, పని పూర్తయిందా లేదా, అందులో మీ పాత్ర ఏమిటి, ప్లానులో మిగతావన్నీ దేని మీద ఆధారపడ్డాయి. ఈ చివరి గడి నింపడమే అసలు పని.

ఇళ్లతో మొదలుపెడదాం. ఎక్కువ భాగం 200 గజాల స్థలాలు, అంటే 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు. ముందూ వెనకా వదలగా భవనం లోతు దాదాపు 50 అడుగులు. పక్కింటి గోడకీ మన గోడకీ మధ్య మనిషి నడిచేంత సందే ఉంటుంది, కాబట్టి ఆ వైపు కిటికీ పెట్టినా వచ్చే వెలుతురు అంతంత మాత్రం. కిటికీ పై అంచు 7 అడుగుల ఎత్తులో ఉంటే పనికొచ్చే పగటి వెలుతురు దానికి రెండు, రెండున్నర రెట్లు, అంటే 14 నుంచి 17 అడుగుల దాకా లోపలికి వస్తుంది. ముందు నుంచి 16, వెనక నుంచి 16 తీసేస్తే నడుమ 18 అడుగులు చీకటి. భోజనాల గది, మెట్లు, దేవుడి గది పడేది సరిగ్గా అక్కడే. అందుకని ఈ ఆర్కిటెక్టు నడుమ ఆకాశానికి తెరిచిన ఖాళీ వదిలారు. వాస్తు చూసే ఇంటివాళ్లు కూడా బ్రహ్మస్థానం ఖాళీగా ఉందని దానికి ఒప్పుకుంటారు.

ఇప్పుడు నర్సింగ్ హోముల ప్లాన్లు తీయండి. అవీ అలాంటి లోతైన స్థలాలే. అక్కడ రోగులు ఎదురుచూసే హాలు నడుమ పడింది, దాని పక్కనే అదే ఖాళీ. రెండు రకాల భవనాలు, ఒకటే చిక్కు, ఒకటే పరిష్కారం. సిద్ధాంతం దొరికింది. దాన్ని "కాంతితో సంభాషణ" లాంటి మాటగా మార్చకండి, ఉన్నదున్నట్టు రాయండి.

అపార్ట్‌మెంట్లలో మాత్రం ఈ నిర్ణయం లేదు. స్టిల్టు మీద ఐదంతస్తులు, నడుమ 4 అడుగుల డక్టు. అందులోంచి పైపులు దిగుతాయి కానీ వెలుతురు కింది అంతస్తు దాకా రాదు. వాటిని సిద్ధాంతం కింద కలిపితే ఆ ఫొటోలే మీ మాటను కొట్టేస్తాయి. అందుకే వాటికి విడిగా ఒక వాక్యం ఇవ్వాలి.

ఇక నాకు బాగా చిరాకు తెప్పించే మాట: "కమర్షియల్". దీన్ని పూర్తిగా చెప్పాలి. బ్రాడీపేటలో మూడు షాపుల వరస కమర్షియలే, ఫంక్షన్ హాలు కమర్షియలే, మిర్చి కోల్డ్ స్టోరేజీ కూడా కమర్షియలే. షాపుకి రోడ్డు వైపు వెడల్పు ముఖ్యం. ఫంక్షన్ హాలులో ఒకేసారి వందల మంది బయటికి రావాలి, కాబట్టి ద్వారాలూ పార్కింగూ ముఖ్యం. కోల్డ్ స్టోరేజీలో వెలుతురునీ వేడినీ లోపలికి రానివ్వకపోవడమే డిజైను. మందమైన ఇన్సులేషన్, కిటికీ లేని గోడలు. "సహజమైన వెలుతురే నా సిద్ధాంతం" అని రాసి కింద "కమర్షియల్" అన్నారంటే, అందులో కిటికీ లేని ఆ గోడలు కూడా ఉన్నాయి. ఫొటో తెరిచిన మనిషి ముందు అదే చూడొచ్చు. భవనం రకాన్ని జనం పిలిచే పేరుతో రాయండి: ఇల్లు, నర్సింగ్ హోము, స్కూలు, ఫంక్షన్ హాలు, గోడౌను. "రెసిడెన్షియల్" కూడా ఇంతే. 200 గజాల ఇల్లూ 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంటూ ఒక మాట కింద ఇమడవు.

వేరే ఆఫీసులో చేసిన పని రాయాలంటే ఆ ఆఫీసు పేరూ మీ పాత్రా తప్పనిసరి. ఇక్కడ ఆ రెండు కోల్డ్ స్టోరేజీలు సిద్ధాంతానికి ఎలాగూ అక్కరకు రావు, పరిచయంలోంచి తీసేయడమే నయం.

ఖాళీ పైన ఏముందో కూడా చూసుకోండి. పాలీకార్బొనేట్ షీటుతో పూర్తిగా మూసేస్తే వెలుతురు వస్తుంది, గాలి ఆడదు. విజయవాడ మే ఎండకు పై అంతస్తు ఉడికిపోతుంది. షీటు కింద నాలుగు వైపులా సందు వదిలితేనే వేడి పైకి పోతుంది. మూసినవి ఉంటే "గాలీ వెలుతురూ" అనకండి, "వెలుతురు" దగ్గర ఆగండి. వాన లోపల పడని ఖాళీని మండువా అనడం కూడా నాకు నచ్చదు.

పూర్తయిన ఇళ్లు 13, వాటిలో ఖాళీ ఉన్నవి 11. మిగతా రెండు మూల స్థలాలు, అవసరం పడలేదు. నర్సింగ్ హోముల్లో పూర్తయినవి 4. ఇప్పుడు పరిచయం ఇలా వస్తుంది:

"గుంటూరు, విజయవాడల్లో ఇరుకైన, లోతైన స్థలాలకు ఇళ్లూ నర్సింగ్ హోములూ డిజైన్ చేస్తాను. పక్క సందుల నుంచి వెలుతురు రాని చోట భవనం నడుమ ఆకాశానికి తెరిచిన ఖాళీ వదిలి, గదులను దాని చుట్టూ అమరుస్తాను. పూర్తయిన 13 ఇళ్లలో 11 ఇలా కట్టినవే, మెట్లకూ భోజనాల గదికీ పగలు లైటు అక్కర్లేదు. 4 నర్సింగ్ హోముల్లో రోగులు ఎదురుచూసే హాలు ఈ ఖాళీ పక్కనే ఉంటుంది. 4 అపార్ట్‌మెంట్లకు ప్లానూ ఎలివేషనూ ఇచ్చాను."

దీని కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ సంఖ్య ఇవ్వండి. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం నమోదైనవారే "ఆర్కిటెక్టు" అనే బిరుదు వాడాలి.

భవనం రకం పేరు వచ్చిన ప్రతిచోటా ఆ రకం పేజీకి లింకు పెట్టాలి:

```html
<a href="/projects/nursing-homes">నర్సింగ్ హోములు</a>
```

ఆ పేజీలో మొదటి బొమ్మ ఎలివేషన్ కాకూడదు. ఖాళీ కనిపించే సెక్షను గానీ, పగలు లైట్లు ఆర్పి తీసిన లోపలి ఫొటో గానీ ఉండాలి. లైట్లు వేసి తీసిన ఫొటో మీ వాక్యానికి సాక్ష్యం కాదు.

అభ్యాసం: వచ్చే పాఠంలోగా మీ ప్రాజెక్టులన్నిటికీ, ఒక్కటీ వదలకుండా, ఆ పట్టిక నింపండి. ఒకే నిర్ణయం కనీసం రెండు రకాల భవనాల్లో కనిపించకపోతే ఆ నిర్ణయాన్ని వదిలేసి మళ్లీ వెతకండి. తర్వాత ఐదు వాక్యాలు రాసి, భవనాల పేర్లు కొట్టేసి, ఈ రంగం తెలియని ఒకరికి ఇవ్వండి. మీరు ఎలాంటి స్థలాల్లో కడతారో వాళ్లు చెప్పలేకపోతే రెండో వాక్యం తిరగరాయాలి.