కంప్యూటర్ ఫ్యాన్ గరగరమంటోందా? ఏ ఫ్యానో పట్టుకుని సరిచేయడం ఎలా

మా డెస్క్‌టాప్ పొద్దున్నే ఆన్ చేస్తే గర్ర్‌ర్ అని మొదలెట్టి, పది నిమిషాలకి వేడెక్కాక దానంతటదే సద్దుమణిగేది. ఇలా చల్లగా ఉన్నప్పుడే అరిచి తర్వాత ఊరుకుంటే చాలావరకు ఫ్యాన్ బేరింగ్‌లో నూనె ఎండిపోయినట్టే. అలా కాకుండా టకటకమని లయగా కొట్టుకుంటుంటే ముందు ఏదైనా వైరు రెక్కలకి తగులుతోందేమో చూడండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

ముందు ఏ ఫ్యానో తేల్చాలి. పక్క ప్యానెల్ తీసి, కంప్యూటర్ నడుస్తుండగానే కేస్ ఫ్యాన్ మధ్యలో తిరిగే గుండ్రటి భాగం మీద వేలు మెల్లగా ఆనించి ఒక్క సెకను ఆపండి (రెక్కల మీద పెట్టొద్దు, వేలు తెగుద్ది). చప్పుడు ఆగిందా, దొంగ అదే. వేలు పెట్టాలంటే భయమైతే పవర్ ఆఫ్ చేసి దాని కనెక్టర్ పీకి మళ్ళీ ఆన్ చేసి వినండి, కానీ ప్రాసెసర్ ఫ్యాన్‌ని మాత్రం పీకి నడపొద్దు. అన్నీ ఆపినా చప్పుడు వస్తుంటే పవర్ సప్లై ఫ్యానో, పాత హార్డ్ డిస్కో అయ్యుంటుంది. హార్డ్ డిస్క్ అనుమానం ఉంటే ఫ్యాన్ సంగతి పక్కనపెట్టి ముందు డేటా కాపీ చేసుకోండి. పవర్ సప్లై డబ్బా అయితే విప్పొద్దు, ప్లగ్ పీకేసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది.

మాది వెనకున్న 120 ఎంఎం ఫ్యాన్. ప్లగ్ పీకి, నాలుగు స్క్రూలు విప్పి, దుమ్ము దులిపి, మధ్యలో ఉన్న స్టిక్కర్ ఒక పక్కనుంచి లేపితే చిన్న రబ్బరు బిరడా కనిపించింది. అది తీసి కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క, మహా అయితే రెండు వేసి, రెక్కలు చేత్తో కాసేపు తిప్పి, బయటికొచ్చిన నూనె తుడిచాకే స్టిక్కర్ అంటించాలి, జిడ్డుంటే అంటదు. వంటనూనె జిగురైపోతుంది, తుప్పు వదిలించే స్ప్రే తొందరగా ఆరిపోతుంది, రెండూ వద్దు. స్టిక్కర్ కింద బిరడా లేకుండా మూసేసి ఉన్నా, రెక్కలు పట్టుకుని కదిపితే లూజుగా ఊగుతున్నా నూనెతో పని జరగదు, మార్చేయడమే.

నాది నెలకే మళ్ళీ మొదలెట్టింది కాబట్టి కొత్తది కొన్నా. కొనేటప్పుడు సైజు, మందం (మామూలుగా 25 ఎంఎం), మూడు పిన్నులా నాలుగా అన్నది చూసుకోండి. బిగించేటప్పుడు అడ్డ కమ్మీలు ఉన్న వైపు నుంచే గాలి బయటికొస్తుందని గుర్తుంటే తిరగబెట్టరు.

చివర్లో, కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే BIOS సెట్టింగుల్లో ఫ్యాన్ సెట్టింగ్ చూడండి. నాది మూడు పిన్నులది, సెట్టింగేమో నాలుగు పిన్నుల ఫ్యాన్లకి పనికొచ్చే `PWM`లో ఉంది, అందుకే ఫుల్ స్పీడులో హోరెత్తిపోయింది, నేనేమో కొత్తది కూడా పాడయిందనుకున్నా! వోల్టేజీ మార్చి స్పీడు తగ్గించే `DC`కి మార్చగానే తగ్గింది. అలాగని స్పీడు మరీ తక్కువకి దించితే వోల్టేజీ చాలక అసలు తిరగదు, కాబట్టి ఆఫ్ చేసి ఆన్ చేసినప్పుడు ఫ్యాన్ దానంతటదే కదులుతోందో లేదో, అక్కడి RPM సున్నా చూపిస్తోందేమో చూసుకుని అప్పుడు ప్యానెల్ మూయండి.