లింక్‌డ్ఇన్ పోస్టులో మొదటి వాక్యాన్ని ఎలా దిద్దాలి?

కావలసినవి మూడే: పూర్తిగా రాసిన చిత్తు, ఒక ఫోను, ఎవరూ పలకరించని గంట సమయం. చిత్తు పూర్తికాకుండా మొదటి వాక్యం జోలికి వెళ్లకండి. ఏం చెప్పబోతున్నారో తేలకముందు దిద్దడానికి అక్కడ ఏమీ ఉండదు.

లింక్‌డ్ఇన్ ఒక పోస్టుకు 3,000 అక్షరాల దాకా ఇస్తుంది. ఫీడ్‌లో మాత్రం పైన కొన్ని వరుసలే కనిపిస్తాయి, ఆపైన “…more” వస్తుంది. దాన్ని నొక్కితేనే మిగతాది తెరుచుకుంటుంది. అంటే మీ అనుభవమంతా ఆ కొన్ని వరుసల వెనక దాగి ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసే మేనేజర్ రాసిన చిత్తు ఇలా మొదలవుతుందనుకోండి: “నాణ్యత అనేది ఒక్క రోజులో వచ్చేది కాదు. నేటి పోటీ ప్రపంచంలో ఆహార శుద్ధి రంగం ఎన్నో సవాళ్లను ఎదుర్కొంటోంది. నా ప్రయాణంలో నేర్చుకున్న కొన్ని పాఠాలను మీతో పంచుకోవాలనుకుంటున్నాను.”

ముందు కొట్టివేత. ప్రతి వాక్యం కిందా ఇంకొకరి పేరు పెట్టి చూడండి. రేణిగుంటలో ఫోను విడిభాగాలు చేసే ఇంజనీరు కూడా అదే వాక్యాన్ని తన పోస్టులో పెట్టుకోగలిగితే, అది మీది కాదు. పై మూడూ ఎగిరిపోతాయి. జాలిపడొద్దు.

తర్వాత వెతుకులాట. అసలు సంగతి చాలాసార్లు చిత్తులో సగం దాటాక దొరుకుతుంది. రాసేవాళ్లు అక్కడిదాకా గొంతు సవరించుకుంటూ ఉంటారు కాబట్టి. మన మేనేజర్ చిత్తులో అది అయిదో పేరాలో ఉంది: “సీజన్‌లో ఫ్యాక్టరీ గేటు ముందు రెండు రోజులు ఎండలో నిలబడిన లారీల్లో అడుగున ఉన్న తోతాపురి కాయలు, పైనుంచి తీసిన శాంపిల్ రిఫ్రాక్టోమీటర్‌లో బ్రిక్స్ 15 చూపించినా, గుజ్జుకు పనికిరాకుండా పోతున్నాయి.” ఇదీ సరుకు. ఆ పరికరం రసంలో కరిగి ఉన్న చక్కెర ఏపాటిదో బ్రిక్స్ అంకెలో చెబుతుంది తప్ప, లోడు అడుగున నలిగి పులుస్తున్న కాయ గురించి ఏమీ చెప్పదు. ఈ మాట ఆ పని చేసినవాళ్లే చెప్పగలరు.

ఇక్కడి నుంచే అందరూ చెడగొడతారు. ఆ వాక్యాన్ని యథాతథంగా తెచ్చి పైన పెట్టి, పని అయిపోయిందనుకుంటారు. ఫోనులో అది “బ్రిక్స్ 15 చూపించినా” దగ్గరో, ఇంకా ముందో తెగిపోతుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. కాయలకు ఏమైందో చెప్పే మాట “…more” అవతలే ఉండిపోతుంది. వాక్యం సగంలో తెగితే కుతూహలం పుడుతుందని ఇంగ్లీషులో రాసేవాళ్లు చెప్పే చిట్కా ఇక్కడ నడవదు. ఇంగ్లీషులో కర్త వెంటనే క్రియ వస్తుంది, తెగినా సగం సంగతి చేతికందుతుంది. తెలుగులో తెగితే మిగిలేది విశేషణాల వరస. దాన్ని చూసి ఎవరూ వేలు కదపరు.

అందుకని మొదటి వాక్యం క్రియతో సహా తెగే చోటుకు ముందే పూర్తి కావాలి. పది మాటలు దాటకూడదు. ఇది ఖచ్చితమైన నియమం, బేరం లేదు. పొడవాటి వాక్యంలోంచి ఎండ, సీజన్, శాంపిల్, రిఫ్రాక్టోమీటర్ అన్నీ కిందికి దించేసి, ఒకదానికొకటి పొసగని రెండు విషయాలను మాత్రం ఉంచండి. తీపి సరిగ్గానే ఉంది, లోడు పాడైంది. మొదట తట్టే రూపం ఇది:

“బ్రిక్స్ 15 ఉన్న తోతాపురి లోడును కూడా మేం వెనక్కి పంపిస్తాం.”

పొట్టిగా ఉంది, పూర్తయింది, ఎందుకో తెలుసుకోవాలనిపిస్తుంది. అయినా దీన్ని పెట్టకండి. ఈ వాక్యాన్ని మన జిల్లాలో ఎవరు చదువుతారో ఆలోచించండి. 2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేట్టు నిర్ణయించాల్సి వచ్చింది. రైతుల ఇళ్ల నుంచి చదువుకుని ఉద్యోగాలకు వెళ్లిన పిల్లలే మీ ఫీడ్‌లో సగం మంది. “వెనక్కి పంపిస్తాం” అన్నది వాళ్లకు గొప్పలు చెప్పుకున్నట్టు వినిపిస్తుంది. నొక్కుతారు, కానీ తిట్టడానికి. పైగా అది నిజంలో సగమే, ఎందుకంటే కాయ పాడైంది రైతు దగ్గర కాదు. తప్పు ఎక్కడ జరిగిందో వాక్యంలోకి తెండి:

“బ్రిక్స్ 15 ఉన్న తోతాపురి కూడా మా గేటు ముందే పాడవుతోంది.
లోపం కాయలో లేదు, మేం లారీలకు టోకెన్లు ఇచ్చే పద్ధతిలో ఉంది.”

రెండో వాక్యంలో జవాబు చెప్పేశామే, ఇక ఎవరు నొక్కుతారు అని చాలామంది భయపడతారు. అందుకే “కారణం తెలిస్తే ఆశ్చర్యపోతారు” అని రాసి, ఉన్న పరువు పోగొట్టుకుంటారు. ఏం జరిగిందో దాచకండి, ఎలా జరిగిందో దాచండి. టోకెన్ల వల్ల కాయ ఎలా పాడవుతుంది అన్న ప్రశ్న ఫ్యాక్టరీ నడిపేవాడికీ, లారీ తోలేవాడికీ, రైతుకూ వస్తుంది. దాని కోసం నొక్కినవాళ్లు పోస్టు చదవడానికే నొక్కుతారు. అయితే నొక్కగానే వచ్చే మొదటి పేరాలోనే ఆ జవాబు మొదలవ్వాలి. అక్కడ మళ్లీ నాణ్యత గొప్పదనం ఎత్తుకుంటే అంతా వృథా. తమ యాజమాన్యం లోపం గురించి రాసేవాళ్లు పోస్టు పెట్టకముందే పై అధికారికి చూపించడం మంచిది, పెట్టాక కాదు.

“బ్రిక్స్” ఉంచాలా వద్దా? గుజ్జు కొనేవాళ్లు, ఫ్యాక్టరీవాళ్లు చదవాలంటే ఉంచండి. ఆ అంకె చూసే వాళ్లు ఆగుతారు. అందరూ చదవాలంటే “తీపి సరిపోయిన తోతాపురి” అనండి. రెండూ కలిపి వివరణ ఇవ్వబోతే పది మాటల లెక్క తప్పుతుంది.

ఇక తెగే చోటు చూసుకోవడం. ఇంగ్లీషు పోస్టులకు చెప్పే అక్షరాల లెక్క నమ్మకండి. తెలుగులో “క్షే” అన్న ఒక్క అక్షరానికే కంప్యూటర్ నాలుగు లెక్కవేస్తుంది, వెడల్పు లెక్క మళ్లీ వేరు. మీకొక్కరికే కనబడేలా పెట్టి చూసుకునే వీలు కూడా లింక్‌డ్ఇన్‌లో లేదు. కాబట్టి మీ ఫోనులో ఎవరిదైనా తెలుగు పోస్టు తెరవకుండా చూసి, “…more”కు ముందు ఎన్ని మాటలు పట్టాయో లెక్కపెట్టండి. ఫొటో ఉన్నదీ లేనిదీ రెండూ చూడండి, ఫొటో ఉంటే వరుసలు తగ్గుతుంటాయి. ఖాళీ వరుస కూడా చోటు తింటుంది, అందుకే మొదటి రెండు వాక్యాల మధ్య ఖాళీ వదలకండి.

పేర్లు ట్యాగ్ చేయడం, హ్యాష్‌ట్యాగులు అన్నీ అడుగునే. మొదటి వరుసలో ఫ్యాన్సీ అక్షరాలు, బొమ్మలు వద్దు. పెట్టిన తర్వాత అక్షరదోషం కనిపిస్తే మాటలు దిద్దుకోవచ్చు, పక్కన “Edited” అని పడుతుంది, అంతే. ఫొటో మార్చాలంటే మాత్రం పోస్టు తీసేసి మళ్లీ పెట్టాల్సిందే, అప్పటిదాకా వచ్చిన కామెంట్లు పోతాయి.