బాంబ్ కెలోరీమీటర్‌లో వేరుశెనగ: ప్యాకెట్ లెక్కతో సరిపోయిందంటే అనుమానించాల్సిందే

సమస్య: వేరుశెనగ పప్పు కాలిస్తే గ్రాముకు 24.3 కిలోజౌళ్లు వచ్చింది. ప్యాకెట్ మీద 100 గ్రాములకు 567 కిలోకేలరీలు, అంటే గ్రాముకు 23.7 కిలోజౌళ్లు అని ఉంది కాబట్టి సరిపోయిందిలే అనుకుని రికార్డులో రాసేశాం. తీరా బాంబ్, అంటే ఆక్సిజన్ నింపి కాల్చే ఉక్కు పాత్ర, కడగబోతే అందులో పప్పు పెట్టే క్రూసిబుల్ అడుగున వేలికంటేంత మసి!

కారణం: మసి ఉందంటే పప్పు పూర్తిగా కాలలేదు, ఆ మేరకు వేడి తగ్గింది. అసలు ఈ రెండు లెక్కలూ కలవకూడదు. ప్యాకెట్ మీద ఉండేది మన ఒంటికి అందే శక్తి. అరగని పీచు, మాంసకృత్తుల్లోంచి యూరియాగా బయటికి పోయే భాగం అందులో ఉండవు, బాంబ్‌లో మాత్రం అవీ కాలిపోతాయి. అందుకే బాంబ్ లెక్క ఎక్కువ రావాలి.

పరిష్కారం: పప్పును ఆరబెట్టి, మెత్తగా దంచి, బిళ్లగా నొక్కండి. పొడిగానే వదిలేస్తే ఆక్సిజన్ నింపేటప్పుడు ఎగిరి క్రూసిబుల్ బయట పడుతుంది, అక్కడ పడింది కాలదు. ఆక్సిజన్ మెల్లగా 30 అట్మాస్ఫియర్ల దాకా ఎక్కించండి, అంతకు మించొద్దు. నీళ్లలో దించాక బుడగలు ఆగకుండా వస్తుంటే లీకున్నట్టే, ఫైర్ చేయకండి.

మా లెక్క ఇది. కెలోరీమీటర్ ఒక డిగ్రీ వేడెక్కడానికి ఎంత శక్తి కావాలో, అంటే దాని హీట్ కెపాసిటీ, తెలుసుకోవడానికి ముందు ఎంత వేడి ఇస్తుందో తెలిసిన బెంజోయిక్ యాసిడ్‌ను కాల్చాం. 0.9962 గ్రాముల బెంజోయిక్ యాసిడ్, గ్రాముకు 26.43 చొప్పున 26.33 కిలోజౌళ్లు, కాలిన 8 సెంటీమీటర్ల ఫ్యూజ్ వైరుది 0.08. మొత్తం 26.41ని 2.61 డిగ్రీలతో భాగిస్తే హీట్ కెపాసిటీ డిగ్రీకి 10.12 కిలోజౌళ్లు. మసి పట్టిన రోజు 0.80 గ్రాముల పప్పుకు 1.93 డిగ్రీలే పెరిగింది, బిళ్ల చేసి మళ్లీ కాల్చాక 2.14 పెరిగింది, క్రూసిబుల్ శుభ్రంగా ఉంది:

```
(10.12 × 2.14 − 0.08) / 0.80 = 26.97 kJ/g
```

సమస్య: బెంజోయిక్ యాసిడ్‌తోనే హీట్ కెపాసిటీ ఒకసారి 10.12, ఇంకోసారి 9.95 వస్తోంది.

కారణం: ముందు బకెట్‌లో నీళ్లు చూడండి. తేడా డిగ్రీకి 0.17 కిలోజౌళ్లు, అంటే దాదాపు 40 గ్రాముల నీళ్లు. కొలజాడీతో రెండు మూడుసార్లు పోస్తే అంత తేడా రావడం పెద్ద వింతేం కాదు.

పరిష్కారం: బకెట్‌ను పొడిగా తుడిచి, తక్కెడ మీదే పెట్టి ప్రతిసారీ 2000 గ్రాములు తూచి పోయండి. పప్పు కాల్చే రోజు కూడా అంతే, ఎందుకంటే ఆ 10.12లో నీళ్ల వాటాయే 8.4 దాకా ఉంటుంది.

ఇంకొకటి, బెంజోయిక్ యాసిడ్ కాల్చాక మసి కనిపిస్తే ఆ రన్‌ను పక్కన పెట్టేయండి. డిగ్రీలు తక్కువ పెరిగి హీట్ కెపాసిటీ ఎక్కువగా తేలుతుంది, ఆ తర్వాత ఏ పదార్థం కాల్చినా దాని శక్తి ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది.