అమ్మ డిశ్చార్జ్ అయ్యాక సెలవు: దరఖాస్తు ఎలా రాయాలి, ఏ సెలవు అడగాలి

కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు చూస్తాను కాబట్టి ఇలాంటి ఫైళ్లు నా టేబుల్ మీదికే వస్తాయి. తల్లికో తండ్రికో ఆపరేషన్ అయి ఇంటికి తీసుకెళ్లే రోజున, ఆస్పత్రి వరండాలో కూర్చుని హడావిడిగా రాసిన లెటర్లు అవి. చాలావాటిలో ఒకటే మాట ఉంటుంది: ‘మా అమ్మకు ఆరోగ్యం బాగోలేదు, మెడికల్ లీవ్ ఇప్పించగలరు.’ ఫైలు వెనక్కి వచ్చేది అక్కడే.

మనం మెడికల్ లీవ్ అనేదాన్ని రూల్స్‌లో కమ్యూటెడ్ లీవ్ అంటారు. అది ఉద్యోగి తన జబ్బుకు, తన పేరున ఉన్న మెడికల్ సర్టిఫికెట్ మీద తీసుకునేది. అమ్మ డిశ్చార్జ్ సమ్మరీ పెట్టి దాన్ని అడిగితే రాదు. అలాగని తల్లిదండ్రుల సేవ కోసమే విడిగా ఒక సెలవు కూడా కేంద్ర ఉద్యోగులకు వర్తించే 1972 నాటి సీసీఎస్ లీవ్ రూల్స్‌లో లేదు. చైల్డ్ కేర్ లీవ్ పిల్లల కోసమే. మిగిలేవి ఆర్జిత సెలవు (ఈఎల్), అర్ధ జీతపు సెలవు (హెచ్‌పీఎల్). ఈ రెండూ సొంత పనులకు కూడా ఇస్తారు కాబట్టి అమ్మను చూసుకోవడానికి అడగవచ్చు. ఈఎల్ ఏడాదికి 30 రోజులు, హెచ్‌పీఎల్ 20 రోజులు జమవుతాయి. రెండూ జనవరిలో సగం, జూలైలో సగం పడతాయి. అందుకే పెన్ను పట్టుకునే ముందు సెక్షన్‌కు ఫోన్ చేసి మీ ఖాతాలో ఏది ఎంత ఉందో కనుక్కోండి. ఆ రెండు అంకెలు తెలియకుండా రాసిన లెటర్ ఎంత బాగున్నా పని జరగదు.

మా ఆఫీసులోనే పనిచేసే ఒకావిడ కేసు చెబుతాను. వాళ్లమ్మగారు బాత్రూంలో జారిపడితే తుంటి ఎముక విరిగింది. 2026 ఫిబ్రవరి 2, సోమవారం ఆపరేషన్, 7న డిశ్చార్జ్. అన్నయ్య వేరే రాష్ట్రంలో ఉంటారు, నాన్నగారు లేరు. ఆ వారం ఐదు రోజులూ ఆవిడ సీఎల్, అంటే క్యాజువల్ లీవ్ పెట్టారు. 9 నుంచి మార్చి 20 దాకా ఈఎల్ అడిగారు. ఆ లెటర్ కూడా తిరిగొచ్చింది. కారణం ఆవిడకే కాదు, చాలామందికి తెలియదు: సీఎల్‌ను వేరే సెలవుతో కలపకూడదు. మధ్యలో శని, ఆదివారాలు ఉన్నా, డ్యూటీలో చేరకుండా సీఎల్ నుంచి నేరుగా ఈఎల్‌లోకి వెళ్తే అది కలిపినట్టే.

పాపం, అప్పటికే ఆవిడ రాత్రిళ్లు నిద్ర లేకుండా ఉన్నారు. వాకర్ పట్టుకుని అమ్మను బాత్రూంకు తీసుకెళ్లాలి, నేల మీద కూర్చోనివ్వకూడదు, కాళ్లు మడవనివ్వకూడదు. ఆ టెన్షన్‌లో ఉన్న మనిషిని మళ్లీ లెటర్ రాయమనడం నాకే కష్టంగా అనిపించింది. కానీ ఆ ఒక్క సవరణతో పని అయిపోయింది. ఐదు సీఎల్‌లూ వదిలేసి, మొత్తం కాలాన్ని ఫిబ్రవరి 2 నుంచి మార్చి 20 వరకు ఒకే సెలవుగా అడగమన్నాం. అది 47 రోజులు. మధ్యలో వచ్చే శని, ఆదివారాలు, పండగలు కూడా సెలవులో లెక్కే. ఖాతాలో ఈఎల్ 33 రోజులే ఉంది. అందుకని మార్చి 6 దాకా ఈఎల్, 7 నుంచి 20 దాకా 14 రోజులు హెచ్‌పీఎల్. ఆ 14 రోజులకు సగం జీతమే వస్తుందని, డీఏ కూడా ఆ సగం మీదే లెక్కగడతారని ముందే చెప్పాం. సెలవుకు ముందు జనవరి 31, ఫిబ్రవరి 1, తర్వాత మార్చి 21, 22 శని, ఆదివారాలు. ప్రత్యేకంగా నిరాకరిస్తే తప్ప, వాటిని ముందు వెనక కలుపుకోవడానికి అనుమతి ఉన్నట్టే లెక్క, అవి సెలవు ఖాతాలోంచి తెగవు. అయినా లెటర్‌లో రాయడం మంచిది.

ఆవిడ చివరికి ఇచ్చిన లెటర్ సారాంశం ఇది. మీ ఆఫీసుకు ఇంగ్లీషులో ఇచ్చినా క్రమం ఇదే ఉంచండి.

‘గౌరవనీయులైన అధికారి గారికి. విషయం: తల్లిగారి సంరక్షణ కోసం ఆర్జిత సెలవు, అర్ధ జీతపు సెలవు మంజూరు గురించి. అయ్యా, మా అమ్మగారికి ఈ నెల 2న తుంటి ఎముకకు ఆపరేషన్ జరిగింది, 7న డిశ్చార్జ్ చేశారు. ఆరు వారాల పాటు వాకర్ సాయంతోనే నడవాలని, పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉండాలని డాక్టరు డిశ్చార్జ్ సమ్మరీలో రాశారు. కుట్లు తీయడానికి 16న, ఎక్స్‌రేకు మార్చి 16న తీసుకెళ్లాలి. మా అన్నయ్య దూర ప్రాంతంలో ఉన్నందున చూసుకోవడానికి నేను తప్ప ఎవరూ లేరు. కాబట్టి 2.2.2026 నుంచి 6.3.2026 వరకు 33 రోజులు ఆర్జిత సెలవు, 7.3.2026 నుంచి 20.3.2026 వరకు 14 రోజులు అర్ధ జీతపు సెలవు మంజూరు చేయమని, ముందు వెనక వచ్చే శని, ఆదివారాలను కలుపుకోవడానికి, హెడ్‌క్వార్టర్స్ వదిలి వెళ్లడానికి అనుమతించమని ప్రార్థిస్తున్నాను. 2 నుంచి 6 వరకు నేను పెట్టిన సీఎల్‌ను రద్దు చేయగలరు. నా దగ్గరున్న ఫైళ్ల జాబితా జతచేశాను. సెలవులో ఉండే చిరునామా, ఫోన్ నంబరు కింద ఇచ్చాను.’

దీనితో పాటు ఫారం-1 నింపాలి. కొన్ని ఆఫీసుల్లో దాన్నే ఆన్‌లైన్‌లో పెడతారు. అందులో సెలవు రకం, తేదీలు, కారణం, సెలవు కాలంలో చిరునామా అడుగుతారు. లెటర్‌లోని తేదీలూ ఫారంలోని తేదీలూ ఒక్క రోజు తేడా లేకుండా ఉండాలి.

డిశ్చార్జ్ సమ్మరీ గురించి ఒక మాట. చాలాసార్లు అందులో మందుల పేర్లు, ‘రెస్ట్’ అన్న ఒక్క మాట ఉంటాయి. ఇంటికి బయల్దేరే ముందే డాక్టరును అడిగి, ఎన్ని వారాలు పక్కన మనిషి కావాలో రాయించి, సంతకం, సీలు వేయించుకోండి. ఈఎల్‌కు ఆ కాగితం ఉండి తీరాలని రూల్ ఏమీ లేదు. కానీ సెలవు హక్కుగా అడిగేది కాదు, పని ఒత్తిడి ఉంటే అధికారి తగ్గించవచ్చు, నిరాకరించవచ్చు. ఆరు వారాలు ఎందుకో కాగితం చెబితే ఆయన కలం ఆగదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: మీరు రాతపూర్వకంగా అడగకుండా, మీ ఖాతాలో ఉన్న సెలవు రకాన్ని ఆయన మార్చడానికి వీల్లేదు.

పెళ్లయిన ఆడపిల్లలను ‘అత్తగారింట్లో ఉంటారు కదా, మీ అమ్మను మీ అన్నయ్య చూడరా?’ అని అడగడం నేను విన్నాను. ఈఎల్‌కు గానీ హెచ్‌పీఎల్‌కు గానీ అలాంటి షరతు ఏదీ లేదు. అమ్మ మీ మీద ఆధారపడి ఉండాలన్న నియమం కూడా లేదు. లెటర్‌లో ఇంటి పరిస్థితి ఒక్క వాక్యంలో చెబితే చాలు, సంజాయిషీ అక్కర్లేదు.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు రూల్స్, అంకెలు వేరు. ప్రైవేటు వాళ్లకు కంపెనీ పాలసీ, వాళ్లకు వర్తించే కార్మిక చట్టాలు ఆధారం.

ఎక్స్‌రే చూసి డాక్టరు ఇంకో రెండు వారాలు కావాలంటే, పొడిగింపు లెటర్ సెలవు అయిపోయే లోపే చేరాలి. మంజూరు కాకుండా ఇంట్లో ఉండిపోతే ఆ రోజులకు జీతం రాదు, పైగా క్రమశిక్షణ చర్య కూడా రావచ్చు. ఆవిడకు ఆ అవసరం పడలేదు. మార్చి 23 సోమవారం ఉదయం ఆఫీసుకొచ్చి జాయినింగ్ రిపోర్టు ఇచ్చారు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలా అని అడిగారు. జబ్బు చేసింది ఆవిడకు కాదు కదా, అక్కర్లేదని చెప్పి రిపోర్టు మీద తేదీ వేసి తీసుకున్నాను.